ఎనిమిది నెలల బాబు ఉన్నట్టుండి రొమ్ము పట్టడం లేదు: అలిగాడా, మానేశాడా?

తిరుచానూరు రోడ్డు అమ్మ: మా అబ్బోడికి ఎనిమిది నెలలు. మొన్నటిదాకా బాగానే తాగేవాడు. పై పళ్ళు వస్తున్నాయి, తాగుతూ గట్టిగా కొరికాడు, నొప్పికి కెవ్వున అరిచాను. అప్పట్నుంచి ఒళ్ళోకి తీసుకుంటే చాలు, వీపు విరుచుకుని ఏడుస్తున్నాడు. అత్తమ్మ "వాడే మానేశాడు, ఆవుపాలు పట్టు" అంటోంది. మా అక్కేమో అలిగాడంతే అంటోంది. ఏది నిజం? ఏం చేయాలి?

పీలేరు పెద్దమ్మ: ఏడాదన్నా నిండనీమ్మా, అప్పుడే మాన్పించడమెందుకు? తప్పదనుకుంటే వేపాకు నూరి రాయి, వాడే దగ్గరికి రాడు. మా చిన్నదానికి అట్లనే మాన్పించినాను.

మదనపల్లె శ్రీ: పెద్దమ్మా, ఆమె మాన్పించాలని అడగట్లేదు. మళ్ళీ తాగించాలని అడుగుతోంది!

పలమనేరు నాన్న: ఇందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు. ఈ వయసులో పిల్లలు ఫ్యాన్ తిరిగినా, కుక్క మొరిగినా తల తిప్పేస్తారు. మావాడు పగలంతా అలాగే చేసి రాత్రి కడుపు నిండా తాగేవాడు. అదీకాక రాగి జావ, పప్పన్నం మొదలుపెట్టాక పాలు తగ్గడం మామూలే. ప్రస్తుతానికి మీ పాలే బాటిల్లో పట్టండి, కడుపు నిండితే చాలు.

చిత్తూరు నర్సు: బాలింతల వార్డులో పనిచేస్తాను. పలమనేరు నాన్నగారు చెప్పింది చుట్టూ చూసే పిల్లల సంగతి. వాళ్ళు రొమ్ము వదిలి తల తిప్పుతారు, చీకటి గదిలోకి తీసుకెళ్తే తాగేస్తారు. వీడు దగ్గరికి తీసుకోగానే ఏడుస్తున్నాడు, అది వేరు.

తనంతట తాను మానేసే బిడ్డ ఇట్లా చేయడు. ముందు మధ్యాహ్నం పాలు వదిలేస్తాడు, కొన్ని వారాలకు సాయంత్రానివి. అన్నం బాగా తింటూ, గ్లాసుతో తాగుతూ, ఆటల్లో పడి పాలు మరిచిపోతాడు. అది దాదాపు ఎప్పుడూ ఏడాది దాటాకే. ఎనిమిది నెలలకు, ఒక్కరోజులో, ఏడుస్తూ వదిలేశాడంటే నా లెక్కలో అలకే. మీ అరుపుకు బెదిరి ఉంటాడు, చిగుళ్ళ నొప్పీ తోడై ఉంటుంది.

ముందు మీ పాలు కాపాడుకోండి. వాడు తాగే వేళలకే, రెండు మూడు గంటలకోసారి, చేత్తోనో పంపుతోనో పిండి తీయండి. లేకపోతే రొమ్ము గట్టిపడుతుంది, తర్వాత పాలూ తగ్గుతాయి. తిరుపతి ఎండల్లో బయట ఉంచకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగు రోజుల్లోపు వాడేయండి. పట్టేటప్పుడు చిన్న స్టీలు గ్లాసుతోనో, ఉగ్గుగిన్నెతోనో పట్టండి. బాటిల్ అలవాటైతే రొమ్ముకు రావడం ఇంకా కష్టమవుతుంది.

తల పట్టుకుని నోట్లో పెట్టే పని మాత్రం వద్దు. అది భయాన్ని పెంచుతుంది. పగలు రవిక విప్పి ఒంటికి ఆనించి ఆడించండి, పాల ఊసే ఎత్తకండి. సగం నిద్రలో ఉన్నప్పుడు ఇచ్చి చూడండి. చాలామంది మళ్ళీ పట్టేది ఆ మత్తులోనే.

పలమనేరు నాన్న: ఆఫీసుకెళ్ళే తల్లికి రోజంతా గ్లాసు కుదురుతుందా మేడమ్? మావాడు రొమ్మూ, బాటిలూ రెండూ తాగాడు, ఏమీ కాలేదు.

చిత్తూరు నర్సు: చాలామంది రెండూ తాగుతారు, కాదనను. కానీ ఇప్పటికే రొమ్మంటే బెదిరిన బిడ్డ విషయంలో నేనైతే ఆ సాహసం చేయను.

మదనపల్లె శ్రీ: మా పాప కూడా ఇట్లాగే చేసింది. ఒక వైపు పట్టేది, రెండో వైపుకు తిప్పి పడుకోబెడితే ఏడుపు. తీరా చూస్తే చెవిలో ఇన్ఫెక్షన్. ఆ చెవి కిందికి ఒత్తుకున్నప్పుడే ఏడ్చేది.

చిత్తూరు నర్సు: మంచి మాట గుర్తుచేశారు. కొరకడం ఒక్కటే కారణమని నేనూ తేల్చేయలేను. నోట్లో తుడిచినా పోని తెల్లటి పూత, ముక్కు దిబ్బడ, జ్వరం ఉన్నాయేమో చూడండి. రోజుకు ఆరు తడి గుడ్డల కంటే తగ్గినా, బిడ్డ నీరసపడినా ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

తిరుచానూరు రోడ్డు అమ్మ: జ్వరం లేదక్కా, నోరు బాగానే ఉంది. రాత్రి నిద్రలో ఒక వైపు తాగాడు! పొద్దున మళ్ళీ అదే ఏడుపు. మళ్ళీ కొరికితే?

చిత్తూరు నర్సు: నిద్రలో తాగాడంటే మానేయలేదు. గట్టిగా పీల్చేటప్పుడు నాలుక కింది చిగురు మీద ఉంటుంది, అప్పుడు కొరకలేడు. కొరికేది చివర్లో, పీల్చడం తగ్గి ఆడుకునేటప్పుడు. దవడ కదలిక నెమ్మదించగానే చిటికెన వేలు నోటి మూలన దూర్చి విడిపించండి. లాగకండి.

పీలేరు పెద్దమ్మ: మా చెల్లెలి మనవడు పదో నెలలో ఇట్లనే వదిలినాడు, ఎన్ని చేసినా మళ్ళీ పట్టలేదు. అట్లైతే ఏం చేయాల?

చిత్తూరు నర్సు: అలాంటివీ ఉంటాయి పెద్దమ్మా. చాలామంది వారం లోపే తిరిగొస్తారు, కొందరికి ఇంకా పడుతుంది, కొందరు రారు. అప్పటిదాకా పిండిన పాలే గ్లాసుతో. అవీ చాలకపోతే డాక్టరు చెప్పిన డబ్బాపాలు. ఆవుపాలల్లో ఇనుము చాలా తక్కువ, అందుకే ఏడాది లోపు తల్లిపాల బదులు అవి వద్దంటాం. మీ అత్తమ్మగారికి ఈ ఒక్కటి చెప్పమ్మా.