స్టాండ్‌బై చిల్లర్ ఎక్కింది, హెడర్ మాత్రం 8.2 డిగ్రీల దగ్గరే ఆగింది. తప్పు ఎవరిది?

నెల్లూరు సైట్ ఇంజనీర్:
నెల్లూరులో ఒక ఆసుపత్రి భవనానికి కమిషనింగ్ చేస్తున్నాం. 200 టన్నుల వాటర్ కూల్డ్ చిల్లర్లు మూడు. రెండు నడుస్తాయి, ఒకటి స్టాండ్‌బై. ఒక్కో చిల్లర్‌కు సొంత ప్రైమరీ పంపు, గంటకు 110 క్యూబిక్ మీటర్లు. భవనంలోకి వేరే సెకండరీ పంపులు, మధ్యలో రెండింటి ప్రవాహాల తేడాను మోసే డీకప్లర్ పైపు.

ఇవాళ ఫెయిల్యూర్ టెస్ట్ పెట్టాం. ఒకటి, రెండు చిల్లర్లు నడుస్తుండగా రెండోదాని ఫ్లో స్విచ్ వైరు విప్పాను. ఫాల్ట్ వచ్చింది, మూడోది స్టార్ట్ అయింది, అక్కడిదాకా అంతా బాగుంది. కానీ చిల్లర్ల నీళ్లన్నీ కలిసి భవనానికి పోయే సప్లై హెడర్ 7 డిగ్రీలకు దిగలేదు. ఇరవై నిమిషాలు చూశాం, 8.2 దగ్గరే కూర్చుంది. 8 దాటి పది నిమిషాలైతే ఇంకో చిల్లర్ అడగాలని ప్లాంటును నడిపే కంట్రోల్ సిస్టమ్ బీఎంఎస్‌లో ప్రోగ్రామ్. అడిగింది, ఇవ్వడానికి చిల్లర్ లేదు, అలారం మోగింది. చిల్లర్ కంపెనీ వాళ్లు బీఎంఎస్ తప్పంటారు, బీఎంఎస్ వాళ్లు మూడో చిల్లర్ కెపాసిటీ ఇవ్వట్లేదంటారు. రేపు కన్సల్టెంట్ ముందు మళ్లీ చెయ్యాలి.

ఏసీ మెకానిక్ ఒంగోలు:
ఇది డీకప్లర్ రివర్స్ బ్రదర్. సెకండరీ పంపులు ప్రైమరీ కన్నా ఎక్కువ లాగేస్తున్నాయి. అప్పుడు రిటర్న్ నీళ్లు డీకప్లర్‌లోంచి వెనక్కి వచ్చి సప్లైలో కలుస్తాయి, హెడర్ వేడెక్కుతుంది. సెకండరీ వీఎఫ్‌డీ స్పీడు తగ్గించి చూడు, 7కి వస్తుంది.

ప్లాంట్ రూమ్ పెద్దాయన:
రివర్స్ అయితే హెడర్ వేడెక్కుతుందన్న మాట నిజమే. ఇక్కడ జరిగింది అదో కాదో తెలియాలంటే ముందు కొన్ని అంకెలు కావాలి. తమ్ముడూ, హెడర్ 8.2 ఉన్నప్పుడు ఒకటో, మూడో చిల్లర్ల ప్యానెళ్ల మీద ఇన్‌లెట్, అవుట్‌లెట్ ఎంతెంత? రెండో చిల్లర్ పంపు ఏ స్థితిలో ఉంది? బీఎంఎస్ ట్రెండ్ లాగ్ ఉంటే పెట్టు. ఇంకో మాట, లోడ్ ఎట్టా తెచ్చావు?

నెల్లూరు సైట్ ఇంజనీర్:
లోడ్ కోసం గదులకు చల్లగాలి పంపే ఏహెచ్‌యూలన్నీ వేసి ఫ్రెష్ ఎయిర్ డ్యాంపర్లు పూర్తిగా తెరిచాం సార్. రోహిణి కార్తె కదా, దొంగ లోడ్ పెట్టాల్సిన పని పడలేదు. రెండు ప్యానెళ్ల మీదా ఇన్‌లెట్ 10.6, అవుట్‌లెట్ 7.0. లాగ్ ఇది:

```
11:20:00  CH-2   FAULT (FLOW)
11:20:30  CH-3   ENABLE
11:25:10  CH-3   RUN
11:40:00  CHWS-HDR = 8.2
11:40:00  CH-2   ENABLE=ON  RUN=OFF
11:40:00  CHWP-2 CMD=ON  STS=ON
```

ప్లాంట్ రూమ్ పెద్దాయన:
జవాబు చివరి రెండు లైన్లలో ఉంది. రెండో చిల్లర్ చచ్చింది, దాని పంపు చావలేదు. గంటకు 110 క్యూబిక్ మీటర్ల రిటర్న్ నీళ్లు 10.6 దగ్గర ఆ చిల్లర్‌లోకి వెళ్లి, ఏమాత్రం చల్లబడకుండా అటునుంచి హెడర్‌లోకి వచ్చిపడుతున్నాయి. మిగతా రెండూ 7 ఇస్తున్నాయి. మూడు ప్రవాహాలూ సమానం కాబట్టి సగటు తీస్తే చాలు: 7, 7, 10.6 కలిపి మూడుతో భాగించు. 8.2 వస్తుంది. నీ హెడర్ అంకె అదే.

చిల్లర్ వాళ్ల మీద అనుమానం కూడా ఇక్కడే తీరిపోతుంది. 3.6 డిగ్రీల తేడాతో రెండు చిల్లర్లు మోస్తున్నది సుమారు 260 టన్నులు. రెండింటి కెపాసిటీ 400. కెపాసిటీ చాలకపోతే అవుట్‌లెట్ 7 దగ్గర నిలవదు, పైకి పోతుంది. ప్రతి చిల్లర్ అవుట్‌లెట్ సరిగ్గా ఉండి హెడర్ ఒక్కటే వేడిగా ఉందంటే నీళ్లు ఎక్కడో కలుస్తున్నాయనే అర్థం.

ఒంగోలు తమ్ముడూ, నువ్వు చెప్పిన రివర్స్ ఇక్కడ లేదు. మూడు పంపులు కలిసి 330 తోస్తున్నాయి. ఈ లోడ్‌కు సెకండరీ అంత లాగదు. డీకప్లర్ పైపుకు ప్రోబ్ కట్టి చూస్తే 8.2 దగ్గర ఉంటుంది, అంటే సప్లై నీళ్లే రిటర్న్ వైపు పోతున్నాయి. నిజంగా రివర్స్ అయితే అక్కడ రిటర్న్ వేడి కనపడుతుంది. రేపు ఆ ప్రోబ్ తప్పకుండా కట్టించు సైట్ తమ్ముడూ, వాదన లేకుండా తేలుతుంది.

ఏసీ మెకానిక్ ఒంగోలు:
ఒప్పుకుంటా సార్. కానీ ఆ పంపును ఆపేస్తే, మూడోది ఎక్కేలోపు ఒకటో పంపు ఒక్కటే 110 తోస్తుంది. అప్పుడు నా రివర్స్ వస్తుందిగా?

ప్లాంట్ రూమ్ పెద్దాయన:
వస్తుంది. నీ మాటకు చోటు అక్కడ ఉంది. అందుకే పంపును ఫాల్ట్ క్షణంలోనే ఆపకూడదు. ఇంకో కారణం కూడా ఉంది: కంప్రెసర్ ఆగినా ఎవాపరేటర్‌లో రిఫ్రిజెరెంట్ కొంతసేపు చల్లగానే ఉంటుంది, ట్యూబుల్లో నీళ్లు కదలకుండా నిలిస్తే గడ్డకట్టే ప్రమాదం. చిల్లర్ కంపెనీ చెప్పిన పోస్ట్ రన్ టైమ్ ఇవ్వాలి, మామూలుగా మూడు నుంచి ఐదు నిమిషాలు. ఈలోగా మూడో పంపు ఎక్కేస్తుంది, రెండోది ఆగాక కూడా ప్రైమరీ 220 ఉంటుంది.

బీఎంఎస్ వాళ్లు చేసిన తప్పు: ఫాల్ట్ వస్తే పక్క చిల్లర్‌ను పిలవమని రాశారు గానీ, ఫాల్టయిన దానికి ఎనేబుల్ తియ్యమని రాయలేదు. పంపు కమాండ్ ఎనేబుల్‌కు కట్టి ఉంది కాబట్టి పంపు తిరుగుతూనే ఉంది. ప్రతి చిల్లర్‌కూ ఇట్టా రాయమను, రెండోదానికైతే ఇది:

```
IF CH2_FAULT OR (CH2_ENA AND NOT CH2_RUN FOR T1)
   CH2_AVAIL = OFF
   CH2_ENA   = OFF
   CHWP2     = OFF AFTER 300 s
   CH2_VLV   = CLOSE AFTER CHWP2_STS = OFF
```

T1 అంటే ఎనేబుల్ ఇచ్చాక రన్ స్టేటస్ కోసం ఆగే సమయం, దాని దగ్గర జాగ్రత్త. వాల్వ్ తెరుచుకోవడం, ఫ్లో రుజువు కావడం, ఆయిల్ పంపు నడవడం, ఇవన్నీ అయ్యాకే రన్ స్టేటస్ వస్తుంది. నీ లాగ్‌లోనే మూడోదానికి 4 నిమిషాల 40 సెకన్లు పట్టింది. T1 మూడు నిమిషాలు పెడితే బతికున్న చిల్లర్‌ను కూడా చచ్చిందని తేలుస్తుంది. ఆగిన వెంటనే మళ్లీ పిలిస్తే యాంటీ రీసైకిల్ టైమర్ ఇంకా ఆలస్యం చేస్తుంది, దాన్నీ లెక్కలో వెయ్యి.

రొయ్యల ప్లాంట్ కావలి:
అన్నా, మాది రొయ్యల ప్రాసెసింగు. చిల్డ్ వాటర్ ట్యాంకు ఉండాది, అమోనియా సిస్టమ్. మాకు కంప్రెసర్ పడిపోయినా అరగంట దాకా ఎవురికీ తెలవదు, ట్యాంకు కాపాడతాది. మా బాధ వేరే ఏందంటే, కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే అన్నీ ఒక్కసారే ఎక్కి జనరేటర్ ట్రిప్ అయిపోతాది. మీ హెడర్ గొడవ కూడా కరెంటు గొడవేనా?

ప్లాంట్ రూమ్ పెద్దాయన:
కాదు తమ్ముడూ, ఈయనది నీళ్లు కలిసే గొడవ. నీది మళ్లీ ఎక్కే వరస గొడవ. కరెంటు తిరిగొచ్చాక పంపులు ముందు, ఒక కంప్రెసర్ తర్వాత, అది లోడ్ తీసుకున్నాక రెండోది, ఇట్టా టైమర్లు విడివిడిగా ఉండాలి. కరెంటు పోయినప్పుడు పాత రన్ కమాండ్లు పట్టుకుని కూర్చునే రిలే ఎక్కడుందో ముందు చూడు. అమోనియా ప్యానెల్ వైరింగ్ చూడకుండా ఇంతకన్నా చెప్పలేను, వేరే పోస్టు పెట్టు.

సైట్ తమ్ముడూ, ఈయన పుణ్యమా అని గుర్తొచ్చింది. ఫ్లో స్విచ్ వైరు ఒక్కటి విప్పితే ఫెయిల్యూర్ టెస్ట్ అయిపోయినట్టు కాదు. అది అరిచి చెప్పే ఫాల్ట్. అరవని ఫాల్టు కూడా పెట్టాలి: మూడో చిల్లర్ ప్యానెల్‌ను లోకల్ ఆఫ్‌లో పెట్టి, ఆ తర్వాత రెండోదాన్ని పడగొట్టు. మూడోదానికి ఎనేబుల్ అందుతుంది, అలారం రాదు, రన్ రాదు. T1 అయ్యాక బీఎంఎస్ దాన్ని పక్కనపెట్టి, ఆపరేటర్‌కు చెప్పి, పంపు ఆపాలి. చాలా ప్లాంట్లు ఇక్కడే దొరికిపోతాయి, ప్రోగ్రామ్ అలారం కాంటాక్ట్ ఒక్కదాన్నే చూస్తుంటుంది కాబట్టి.

వైరు విప్పేముందు ఆ టెర్మినల్‌లో ఎంత వోల్టేజీ ఉందో మీటర్ పెట్టి చూడు. కొన్ని ప్యానెళ్లలో 24 వోల్టులు, కొన్నింటిలో 230. ఫ్లో ఫాల్ట్ కోసం చేత్తో వాల్వ్ మూసే పని మాత్రం నడుస్తున్న చిల్లర్ మీద చెయ్యొద్దు. వైరు విప్పితే నీళ్లు ఆగవు, ట్యూబులు క్షేమం.

నెల్లూరు సైట్ ఇంజనీర్:
ప్రోగ్రామ్ మార్పించి ఇవాళ చేశాం సార్. ఫాల్ట్ తర్వాత ఐదు నిమిషాలకు రెండో పంపు ఆగింది, ఆ తర్వాత వాల్వ్ మూసుకుంది. పదిహేడో నిమిషానికి హెడర్ 7.1. డీకప్లర్ ప్రోబ్ కూడా సప్లై వేడినే చూపించింది. అయితే మధ్యలో హెడర్ 10.1 దాకా ఎక్కింది. కన్సల్టెంట్ 9 దాటకూడదంటున్నారు.

ప్లాంట్ రూమ్ పెద్దాయన:
ఎక్కుతుంది. మూడో పంపు తిరుగుతూ కంప్రెసర్ ఇంకా ఎక్కని ఆ కొద్ది నిమిషాలు రెండు పంపులు వేడి నీళ్లు తోస్తాయి, ఒక్కటే చల్లవి. 7, 10.6, 10.6 సగటు 9.4. దానిపైన ఒక్క చిల్లర్ మొయ్యలేని లోడ్ వల్ల రిటర్న్ కూడా పెరుగుతుంది. ఈ పైపింగ్‌లో, చిల్లర్ ఎక్కడానికి ఐదు నిమిషాలు పడుతుండగా, 9 లోపు ఉండాలంటే బఫర్ ట్యాంకు కావాలి, లేదా మూడూ ఎప్పుడూ తక్కువ లోడ్‌తో నడవాలి. ఆపరేషన్ థియేటర్ గది ఉష్ణోగ్రత, తేమ ఆ పదిహేడు నిమిషాల్లో ఎంత మారాయో ట్రెండ్ తీసి ఆయన ముందు పెట్టు. హెడర్ అంకె కన్నా అదే అసలు లెక్క.

ఏసీ మెకానిక్ ఒంగోలు:
తేమ దగ్గర నాకు అనుమానమే సార్. మన కోస్తా గాలికి, డ్యాంపర్లు పూర్తిగా తెరిచి, 10 డిగ్రీల నీళ్లతో కాయిల్ ఎంత నీరు పిండుతుంది? గది వేడి నిలిచినా తేమ పెరిగి ఉంటుంది.

నెల్లూరు సైట్ ఇంజనీర్:
తేమ 54 నుంచి 61కి పోయింది అన్నా. కన్సల్టెంట్ దాన్నే పట్టుకున్నారు. డ్యాంపర్లు డిజైన్ పొజిషన్‌లో పెట్టి మళ్లీ చెయ్యాలి. ఇంకో సందేహం: ఫ్లో స్విచ్ వైరు తిరిగి పెట్టి ప్యానెల్ మీద ఫాల్ట్ రీసెట్ చేస్తే, రెండో చిల్లర్ తనంతట తానే వరసలోకి రావాలా, ఆపరేటర్ వచ్చి బీఎంఎస్‌లో ఒప్పుకోవాలా?

ప్లాంట్ రూమ్ పెద్దాయన:
నేనైతే ఆపరేటర్ ఒప్పుకుంటేనే రావాలంటాను. కారణం తెలియకుండా ఎక్కితే మళ్లీ పడుతుంది, హెడర్ మళ్లీ ఊగుతుంది.

ఏసీ మెకానిక్ ఒంగోలు:
రాత్రి రెండింటికి ప్లాంట్ రూమ్‌లో ఆపరేటర్ లేకపోతే? మూడోది కూడా పడితే? ఆసుపత్రి కదా సార్, కనీసం ఆఖరి చిల్లర్‌గానైనా తనే రావాలంటా నేను.

నెల్లూరు సైట్ ఇంజనీర్:
స్పెసిఫికేషన్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. రెండు మాటలూ రాసి కన్సల్టెంట్‌కు పంపాను, జవాబు రాలేదు ఇంకా.