అమ్మాయి పేరు మీద పెట్టేది కట్నమా, కాదా?

పెన్నా (కడప): చెల్లెలికి సంబంధం కుదిరేట్టుంది. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. "మాకు కట్నం వద్దు, మీ అమ్మాయి పేరు మీదే ఏదన్నా పెట్టుకోండి" అన్నారు. అనంతపురంలో ఉన్న సైటు, 30 తులాల బంగారం అనుకుంటున్నాం. ఇది కట్నం కిందికి వస్తుందా?

చిత్రావతి: రాదన్నా. ఎవరి పేరు మీద ఉంటే వాళ్లదే. అత్తామామల చేతికి రూపాయి పోలేదు కదా, ఇంక కట్నమెక్కడిది? చదువుకున్న ఇళ్లలో ఇప్పుడంతా ఇట్లనే చేస్తాండారు.

హంద్రీ: అందులో సగమే సరి. 1961 నాటి చట్టం పేరు ఒక్కటే చూడదు, అడిగితే ఇచ్చారా, అడక్కుండా ఇచ్చారా అనేది చూస్తుంది. పెండ్లప్పుడు అమ్మాయికి అడక్కుండా పెట్టిన కానుకకు విలువ పరిమితి లేదు, జాబితా రాసి ఉంటే చాలు. అబ్బాయికి ఇచ్చేది మాత్రం ఆచారంగా వస్తున్నదై ఉండాలి, ఇచ్చేవాళ్ల స్తోమతకు మించకూడదు.

అందుకని "ఏదన్నా పెట్టుకోండి" అన్న మాటను ఒకసారి పరీక్షించండి. సైటు ఇప్పుడు కుదరదు, బంగారమే పెడతాం అని చెప్పి చూడండి. అవతల మాట మారకపోతే అది మీ ఇష్టంతో పెట్టేదే. "ఫలానా ఇంట్లో ఎంత పెట్టారో వాళ్లకు తెలీదా" అని మధ్యవర్తి నోట కబురొస్తే అది అడగడమే. నేరుగా అడిగినా, చుట్టూ తిప్పి అడిగినా చట్టానికి ఒకటే.

జాబితా ఎట్లుండాలో 1985 నిబంధనల్లో ఉంది: వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవాళ్ల పేరు, బంధుత్వం, కింద వధూవరుల సంతకాలు. అమ్మాయి కానుకల జాబితా అమ్మాయి దగ్గర, అబ్బాయిది అబ్బాయి దగ్గర ఉంటాయి. చాలామంది "నగలు 30 తులాలు" అని ఒక్క వరుస రాసి ఊరుకుంటారు. నగలు అత్తగారి లాకరులోకి పోయాక ఏది తిరిగొచ్చింది, ఏది రాలేదు అన్నది ఆ వరుసతో తేలదు. హారం ఇన్ని గ్రాములు, గాజులు ఇన్ని జతలు అని విడివిడిగా రాసి, బిల్లులు అమ్మాయి పేరుతో తీసుకోండి.

తుంగభద్ర: అసలు పెద్దలు కుదిర్చే పెండ్లిళ్లే మానుకోవాల. ప్రేమ పెండ్లికి ఈ బాధే లేదు.

నంద్యాలక్క: ఆయన అడిగింది అది కాదు తమ్ముడూ. ప్రేమించుకున్నా, ఇండ్లల్లో ఒప్పుకున్నాక లాంఛనాల మాట వస్తానే ఉంది. నాకు ఇంకోటి తోస్తాంది. ఇది కూడా పెట్టకుంటే ఆడపిల్లకు పుట్టింటి నుంచి వచ్చేదేముంది? పొలం అన్నదమ్ములే పంచుకుంటారు. వాటా అడిగిన ఆడబిడ్డకు పండక్కి పిలుపు ఉండదు.

హంద్రీ: నిజమే అక్కా. పిత్రార్జితంలో కూతురికి వాటా మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే తెచ్చింది, 2005లో దేశమంతా వచ్చింది. అయినా పెండ్లప్పుడు "నా వాటా ముట్టింది" అని స్టాంపు కాగితం మీద కూతురితో సంతకం పెట్టించే ఇండ్లు ఇంకా ఉన్నాయి. తండ్రి స్వార్జితం మీద ఆయన బతికుండగా పిల్లలకు హక్కే పుట్టదు, లేని హక్కును వదులుకున్నానంటే ఆ కాగితం సాధారణంగా నిలవదు. పిత్రార్జిత భూమిలో వాటా వదులుకోవచ్చు గానీ, దానికి రిజిస్టరైన దస్తావేజు కావాలి. పెన్నా గారూ, చెల్లెలి చేత అట్లాంటి కాగితమేదీ రాయించొద్దు.

సైటు ఇవ్వాలనే ఉంటే గిఫ్టు సెటిల్‌మెంటు రిజిస్టరు చేయించి ఇవ్వండి. అంతటితో పని అయిపోదు. రెండో ఏడో మూడో ఏడో "సైటు అమ్మి బెంగళూరులో ఫ్లాటు తీసుకుందాం" అనే మాట వస్తుంది. సైటుకు 40 లక్షలు వచ్చాయనుకోండి, ఫ్లాటు 90 లక్షలు. మిగతా 50 లక్షలకు లోను అబ్బాయి జీతం మీద వస్తుంది, కంతులు కట్టేది అతనే కదా అని ఫ్లాటు అతని ఒక్కడి పేరు మీదే రాయిస్తారు. మీరు పెట్టిన సైటు అక్కడ మాయమవుతుంది, గొడవేమీ లేకుండానే. అది జరక్కూడదంటే 40 లక్షలు ముందు చెల్లెలి ఖాతాలో పడాలి, బిల్డరుకు ఆ ఖాతా నుంచే పోవాలి, దస్తావేజులో ఆమె పేరుతో పాటు వాటా ఎంతో రాయించాలి.

పెన్నా: ఇది తట్టనే లేదు. సైటు విషయం ఇంట్లో చెప్తా. కానీ జాబితా మీద సంతకం అడిగితే సంబంధం తప్పిపోతుందని నాయన భయం.

నంద్యాలక్క: ఆ భయం ఉత్తదేం కాదు. పెండ్లి ముందు సంతకమంటే "మమ్మల్ని దొంగలనుకుంటారా" అనేవాళ్లే ఎక్కువ.

హంద్రీ: అబ్బాయి వైపు పెట్టేవి కూడా కలిపి రాస్తామనండి. వాళ్లు పెట్టే తాళి, పట్టుచీరలతోనే మొదలు పెట్టి, తర్వాత మీవి రాయండి. అప్పుడు అది రెండిండ్ల లెక్క అవుతుంది.

చిత్రావతి: మా వైపు ఇంతవరకు ఎవరూ అట్ల రాసింది చూళ్లేదన్నా. అబ్బాయి తండ్రి ముందు ఆ మాట ఎత్తేదెవరు?

నంద్యాలక్క: ఎత్తాల్సింది చెల్లెలే, అదీ అబ్బాయితోనే. ఇద్దరూ ఉద్యోగస్తులు అయితే పెద్దల కన్నా ముందు వాళ్లిద్దరూ మాట్లాడుకోవాల. పెన్నా, ఆ పాప ఏమంటాంది?