చూరు ముందా, కప్పు ముందా? ఎల్ ఆకారం ఇంటి హిప్ రూఫ్ మోడల్

చిన్నిప్లాన్: 40×24 ఇల్లు, ఎడమ చివర ముందుకి 16 అడుగుల వెడల్పు రెక్క. అన్ని వైపులా వాలు 30 డిగ్రీలు, చూరు 2 అడుగులు. స్కెచ్అప్‌లో ముందు చూరుకి Offset చేసి కప్పు లేపాలా, గోడ గీత మీదే లేపి తర్వాత బయటికి సాగదీయాలా?

మేస్త్రిగారబ్బాయి: Offset ముందు, అనుమానమే లేదు. తర్వాత ప్రతి మూల నుంచీ 45 డిగ్రీల గీత గీసెయ్, బయటి మూలలవి హిప్‌లు, లోపలి మూలది వ్యాలీ, ఐదు నిమిషాల పని.

వాలుకోణం: Offset ముందన్నది నాకూ ఇష్టమే, కానీ ఆ గీతని గోడ పైఅంచు ఎత్తులోనే ఉంచితే కప్పు మొత్తం గోడ మీద నుంచి పైకి లేచిపోతుంది. 2 అడుగులకి 30 డిగ్రీల వాలు దాదాపు 14 అంగుళాలు దిగాలి, కాబట్టి చూరు గీతని అంత కిందకి దించు. సరిగ్గా వచ్చిందో లేదో రిడ్జ్ దగ్గర చూడొచ్చు: గోడ గీత నుంచి లేపితే 12 అడుగుల సగం వెడల్పుకి 6.93 అడుగుల ఎత్తు, చూరు నుంచి లేపితే 14కి 8.08, అందులో దించింది తీసేస్తే మళ్లీ 6.93. అంటే ఏది ముందు చేసినా వచ్చేది అదే కప్పు.

ఇక మూలల నుంచి గీస్తే సరిపోతుందన్నది సగమే నిజం. రెక్క సన్నగా ఉంది కదా, దాని రిడ్జ్ 4.6 అడుగుల దగ్గరే ఆగి వ్యాలీ చివర కలుస్తుంది. అక్కడి నుంచి పెద్ద రిడ్జ్ దాకా ఇంకో పొట్టి హిప్ ఉంటుంది, అది ఏ మూల నుంచీ మొదలవదు. దాన్ని మర్చిపోతే అక్కడ ఫేస్ మూసుకోదు, మనమేమో ఎక్కడో గీత కలవలేదని వెతుక్కుంటూ కూర్చుంటాం.

మేస్త్రిగారబ్బాయి: అందుకే Follow Me వాడతాను. వాలు త్రిభుజాన్ని చుట్టూ తిప్పి Intersect Faces > With Model కొట్టి, మిగిలిన ముక్కలు చెరిపేస్తే ఆ పొట్టి హిప్ దానంతటదే వస్తుంది.

వాలుకోణం: వస్తుంది, ఆ చెత్త చెరిపే ఓపిక నీకుంటే. నేనైతే చేత్తోనే గీస్తా.

లంకలోగిలి: మాది పాత మండువా లోగిలి అండీ, వానొస్తే లోపలి మూల పెంకుల కింద నుంచి కారుతోంది, అక్కడ రేకు వేయించాలా?

వాలుకోణం: రేకు సంగతి మేస్త్రీనే అడగండి, ఇక్కడ నడిచేది మోడల్ గోల. కానీ మీ ఇల్లు మంచి ఉదాహరణండీ. మండువా వైపు వాలు లోపలికి దిగుతుంది కాబట్టి ఆ నాలుగు మూలలూ వ్యాలీలే, చూరు Offset కూడా ఖాళీ జాగా లోపలికే వెళ్లాలి.

చిన్నిప్లాన్: రెక్క వాలు ఒక్కటీ 45 చేస్తే?

వాలుకోణం: అప్పుడు Offset ముందు అనే మాట వదిలెయ్. 2 అడుగుల చూరు అక్కడ 2 అడుగులూ దిగుతుంది, పక్కన 14 అంగుళాలే, అంచులు కలవవు. చూరు ఒకే ఎత్తులో కావాలంటే రెక్క వైపు చూరు 14 అంగుళాలకి తగ్గించాలి. వేర్వేరు వాలులు కలిసే చోట హిప్, వ్యాలీ ప్లాన్‌లో 45లో కూడా ఉండవు.

మేస్త్రిగారబ్బాయి: చూరు తగ్గిస్తే గోడ తడుస్తుంది, అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా నాకు పర్లేదు.