ఏఆర్‌సీలో సౌండ్‌బార్‌కు శబ్దం రావడం లేదు, వాల్యూమ్ అంకె మాత్రం మారుతోంది

గోదారిగట్టు: 43 అంగుళాల టీవీ, 2.1 సౌండ్‌బార్. బార్‌తో వచ్చిన హెచ్‌డీఎంఐ కేబులే పెట్టాను. టీవీ ఆన్ చేస్తే బార్ కూడా ఆన్ అవుతోంది, టీవీ రిమోట్ నొక్కితే బార్ మీద వాల్యూమ్ అంకె మారుతోంది. శబ్దం మాత్రం అసలు లేదు. యూట్యూబ్ పెట్టినా, సెట్‌టాప్ బాక్సు పెట్టినా అంతే. బ్లూటూత్‌లో బాగానే పలుకుతోంది. బార్ పోర్టు పోయిందంటారా?

వైర్లపెట్టె: కేబుల్ మార్చండి. 2.1 రకం, 48 జీబీపీఎస్ ఉన్నది కొనండి. ఏఆర్‌సీకి అదే కావాలి.

శబ్దమేస్త్రి: అప్పుడే కొనకండి. 48 జీబీపీఎస్ అవసరమయ్యేది బొమ్మకు. ఏఆర్‌సీ అంటే టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే బార్‌కు వెనక్కి పంపే దారి; అది 2009లో హెచ్‌డీఎంఐ 1.4తోనే వచ్చింది, మామూలు హై స్పీడ్ కేబుల్ దానికి చాలు.

మీ లక్షణాలు చూస్తే అనుమానం టీవీ పోర్టు మీదకు పోతోంది. ఆన్ చేయడం, వాల్యూమ్ మార్చడం సీఈసీ పని. అది 13వ పిన్ను మీద నడుస్తుంది, టీవీలోని అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులకూ ఆ తీగ ఉమ్మడి. శబ్దం వెనక్కి వెళ్లేది 14వ పిన్ను మీద, అది కూడా ARC అని రాసి ఉన్న ఒక్క పోర్టు నుంచే. అందుకే తప్పు పోర్టులో పెట్టినా రిమోట్ పనిచేసి, అంతా సరిగా ఉందని అనిపిస్తుంది. టీవీ వెనక ఏం రాసి ఉందో టార్చి వేసి చూడండి. బార్ వైపు కేబుల్ HDMI OUT లేదా TV ARC అన్నదాంట్లో ఉండాలి, HDMI INలో కాదు.

గోదారిగట్టు: నిజమే. ARC పోర్టులో సెట్‌టాప్ బాక్సు ఉంది, బార్‌ది HDMI 2లో పెట్టారు. రెండూ తీసి మార్చి పెట్టాను, సౌండ్ అవుట్‌పుట్ కూడా HDMI ARC ఎంచుకున్నాను. యూట్యూబ్ మోగుతోంది! కానీ ఓటీటీలో 5.1 ఉన్న సినిమా పెడితే మళ్లీ నిశ్శబ్దం.

శబ్దమేస్త్రి: దారి తెరుచుకుంది కాబట్టి ఇక పోర్టు జోలికి వెళ్లొద్దు. ఇప్పుడున్న తేడా శబ్దం రూపంలో. యూట్యూబ్‌ది ఎక్కువగా స్టీరియో, దాన్ని టీవీయే విప్పి పంపుతుంది. ఓటీటీ 5.1 సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తుంది. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ Pass Through మీద ఉంటే వచ్చింది వచ్చినట్టే బార్‌కు పోతుంది. బార్‌కు దాన్ని విప్పడం రాకపోతే మౌనమే. ఆ సెట్టింగ్‌ను PCMకు మార్చి, అంటే టీవీయే విప్పి పంపేలా చేసి, అదే సినిమా, అదే సీను మళ్లీ పెట్టండి.

గోదారిగట్టు: PCM పెట్టగానే మాటలు వినిపించాయి. నష్టం ఏమైనా ఉందా?

శబ్దమేస్త్రి: ఏఆర్‌సీలో PCM రెండు ఛానెళ్లే. మీది 2.1 బార్ కాబట్టి పెద్దగా పోయేదేమీ లేదు. వెనక స్పీకర్లున్న 5.1 బార్ అయితే PCMలో వదిలేయకూడదు, మెనూలో Dolby Digital ఉంటే అది ఎంచుకోవాలి.

పెన్‌డ్రైవ్‌రాజు: నాదీ ఇదే బాధ. పెన్‌డ్రైవ్‌లో కొన్ని సినిమాలకే శబ్దం రాదు. PCM పెట్టినా మార్పు లేదు.

శబ్దమేస్త్రి: ఒకసారి అవుట్‌పుట్‌ను టీవీ స్పీకర్‌కు మార్చి అదే ఫైల్ పెట్టండి. అక్కడా రాకపోతే ఏఆర్‌సీకి సంబంధం లేదు. ఫైల్‌లో ఆడియో డీటీఎస్ అయి ఉండొచ్చు, చాలా టీవీలు దాన్ని విప్పవు.

పెన్‌డ్రైవ్‌రాజు: టీవీలోనూ రావడం లేదు. ఫైల్‌దేనన్నమాట.

మేడమీదగది: మా ఇంట్లో పోర్టు సరైనదే, PCM కూడా పెట్టాం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏఆర్‌సీ పోతుంది. టీవీ ఆఫ్ చేసి ఆన్ చేసినా రాదు.

శబ్దమేస్త్రి: రిమోట్‌తో ఆఫ్ చేస్తే టీవీ స్టాండ్‌బైలోకే పోతుంది, సీఈసీ మతిలో పాత సంగతే ఉండిపోతుంది. రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకి, హెచ్‌డీఎంఐ కూడా తీసి, ఐదు నిమిషాలు ఆగండి. కరెంటు లేనప్పుడే కేబుల్ పెట్టి, ముందు టీవీ, అది పూర్తిగా లేచాక బార్ ఆన్ చేయండి. తర్వాత సీఈసీ ఆన్‌లోనే ఉందో లేదో చూడండి. మెనూలో ఆ పేరు ఉండదు: Anynet+, SIMPLINK, BRAVIA Sync అని టీవీని బట్టి మారుతుంది. అది ఆఫ్ అయితే ఏఆర్‌సీ మొదలవ్వదు.

మేడమీదగది: ఆన్‌లోనే ఉంది. ప్లగ్గులు పీకితే వస్తుంది, మళ్లీ కరెంటు పోతే మామూలే.

వైర్లపెట్టె: eARC అనే సెట్టింగ్ ఉంటే Off చేసి చూడండి. పాత బార్లతో Autoలో ఉంటే తికమక పడుతుంది.

శబ్దమేస్త్రి: ఇది మంచి మాట, ముందు అదే చేయండి. రెండింటి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కూడా చూడండి. అప్పటిదాకా ఆప్టికల్ కేబుల్‌తో నడపొచ్చు, దానికి ఈ పలకరింపుల గొడవ లేదు. అయితే సీఈసీ దాంట్లో ఉండదు కాబట్టి వాల్యూమ్‌కు ఎక్కువగా బార్ రిమోటే వాడాల్సి వస్తుంది.

మేడమీదగది: eARC Off చేశాను. ఇవాళ ఇంకా కరెంటు పోలేదు. పోయి వచ్చాక ఏమైందో ఇక్కడే రాస్తాను.