వ్యాఖ్యలన్నీ నేను చూశాకే చూపించాలా, నేరుగా వదిలేయాలా?

చిగురాకు: పెరటి మొక్కల మీద బ్లాగు రాస్తున్నాను, వర్డ్‌ప్రెస్‌లో. ఈ మధ్య వ్యాఖ్యల్లో సగానికి పైగా పనికిమాలిన లంకెలే. దానికి తోడు ఒక అజ్ఞాత ప్రతి టపా కిందా బూతులు. బూతుమాటల జాబితా పెట్టినా ఆగట్లేదు. ఇక అన్నీ నేను చదివి ఒప్పుకున్నాకే కనిపించేలా పెడదామనుకుంటున్నా. నిజంగా చదివేవాళ్లు విసుగొచ్చి మానేస్తారా?

నల్లసిరా: పెట్టేయండి, ఆలోచించొద్దు. నేను మొదటి రోజు నుంచీ అంతే. మన ఇంటికి ఎవరొస్తున్నారో చూసి తలుపు తీయడం తప్పేం కాదు. మానేసేవాళ్లు ఎలాగూ మానేస్తారు.

కిటికీ: తలుపు తీస్తే కదండీ. ఓ బ్లాగులో రాత్రి కూర్చుని ఓపిగ్గా పది వాక్యాలు రాశాను. మూడో రోజుకి కనిపించింది. అప్పటికి అక్కడ మాట్లాడేవాళ్లెవరూ లేరు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

గాలిపటం: ఇంత చర్చ ఎందుకు? ఆ అజ్ఞాత ఐపీ అడ్రసు బ్లాక్ చేస్తే సరి.

మరమేకు: గాలిపటం గారూ, ఒకే చోటు నుంచి వందల కొద్దీ కుమ్మరించే యంత్రాలకి అది కొంత పనిచేస్తుంది. ఫోన్లోంచి తిట్టేవాడికి పనిచేయదు. మొబైల్ నెట్‌వర్కులో ఒకే అడ్రసు వెనక బోలెడంత మంది ఉంటారు. వాడు డేటా ఆపి మళ్లీ వేస్తే కొత్త అడ్రసు రావచ్చు, పాతది ఇంకెవరికో పోవచ్చు. అలా మీరు ఆపేది వాణ్ణి కాదు, ఆ ఇంకెవరినో.

చిగురాకు గారూ, ముందు ఒక సంగతి చెప్పండి. ఆ బూతుల జాబితా ఏ పెట్టెలో పెట్టారు? Settings లో Discussion పేజీలో రెండు పెట్టెలుంటాయి: Comment Moderation, Disallowed Comment Keys. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొదటిదాంట్లోని మాట దొరికితే వ్యాఖ్య మీ కోసం వరుసలో ఆగుతుంది. రెండోదాంట్లో దొరికితే నేరుగా చెత్తబుట్టలోకి. మీకు కబురుండదు, రాసినవాళ్లకీ ఉండదు. సెట్టింగు మార్చకపోతే 30 రోజులకి అక్కణ్ణించి కూడా పోతుంది.

చిగురాకు: రెండోదాంట్లోనే. కుక్క, పంది, గాడిద, ఇంకా ఇక్కడ రాయలేనివి.

మరమేకు: అదే అనుకున్నాను. ఆ జాబితా పూర్తి మాటనే వెతకదు, అక్షరాల వరుసను వెతుకుతుంది. మీది మొక్కల బ్లాగు. "పందిరి" అని రాసిన ప్రతివాళ్లనీ "పంది" మింగేసి ఉంటుంది. వెంటనే Trash తెరిచి చూడండి.

కొత్తబాట: నాదొక సందేహం. నేను మంచి బ్లాగుల్లో వ్యాఖ్య రాసి కింద నా సైటు లంకె పెడతాను. గూగుల్లో పైకి వస్తుందని చెప్పారు. దాన్నెందుకు అందరూ తీసేస్తున్నారు?

కిటికీ: మేం మాట్లాడుకునేది మీ గురించేనండీ.

మరమేకు: ఫలితం కూడా ఉండదు కొత్తబాట గారూ. వ్యాఖ్యల్లోని లంకెలకు, వీటిని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే nofollow గుర్తు తగిలించే పద్ధతి 2005 లోనే వచ్చింది. వర్డ్‌ప్రెస్ దాన్ని తనంతట తానే తగిలిస్తుంది.

చిగురాకు: Trash చూశాను. పదకొండున్నాయి. ఏడు బూతులే. మిగతా నాలుగూ చిక్కుడు పందిరి గురించి! ఒకావిడ రెండుసార్లు అడిగారు, తీగ పైకి పాకాక కొన చివర తుంచాలా అని. రెండోసారి "మొన్న అడిగాను, చూసినట్టు లేరు" అని కూడా రాశారు. నాకు తలకొట్టేసినట్టయింది. ఆ అజ్ఞాతేమో తిట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో చుక్కలు పెట్టి రాస్తున్నాడు. వాడికి నా జాబితా తగలనే లేదు.

నల్లసిరా: అందుకే చెప్పాను, మనిషి కన్నే నమ్మకం. జాబితాలు దండగ.

మరమేకు: దండగ కాదు, ఆ మాటల్ని Comment Moderation లోకి మార్చితే చాలు. "పంది" లాంటి పొట్టి మాటలు మాత్రం తీసేయండి. ఇక లంకెల సంగతి. రెండు లంకెలున్న వ్యాఖ్యను ఆపాలని మొదట్నుంచే ఉంటుంది. అందుకే ఒక్క లంకెతో వచ్చేవి దాటిపోతున్నాయి. ఆ అంకెను 1 చేయండి. అసలు పాఠకుల్లో లంకె పెట్టేవాళ్లు తక్కువే కాబట్టి వాళ్లే కాస్త ఆగుతారు, తక్కినవాళ్లకి ఇబ్బంది ఉండదు.

పేరు కింద వెబ్‌సైటు రాసే గడి ఉంటుందే, అందులోని లంకె ఈ లెక్కలోకి రాదు. "చాలా ఉపయోగకరమైన సమాచారం, ధన్యవాదాలు" అని ఉంటుంది. మనం పొంగిపోయి ఒప్పుకుంటాం. పేరు నొక్కితే ఏదో జూదం సైటు. ఆ వ్యాఖ్యను మీ వేరే టపా కింద పెట్టి చదవండి. అక్కడా అలాగే అతికితే అనుమానించాల్సిందే. ఒక్కసారి ఒప్పుకున్నారో, "ముందొకసారి ఒప్పుకున్నవాళ్లని వదిలేయి" అనే సెట్టింగు ఉంటే, అదే పేరూ మెయిలుతో తర్వాత వచ్చేది మిమ్మల్ని అడక్కుండానే పైకి వెళ్లిపోతుంది.

అయినా నేనైతే ఆ సెట్టింగే వాడతాను. కొత్తవాళ్లు మొదటిసారి ఆగుతారు, పాతవాళ్లు ఆగరు.

గాలిపటం: పాత టపాలకు వ్యాఖ్యలు మూసేసే సెట్టింగు కూడా ఉంది, 14 రోజులకి.

మరమేకు: ఉంది, వార్తల బ్లాగుకి పనికొస్తుంది. చిక్కుడు తీగ గురించి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు రెండేళ్ల నాటి టపాకే వస్తారు. ఇక్కడ వద్దు.

నల్లసిరా: మీరు చెప్పే ఆ సగం తలుపు పద్ధతి నాకు నచ్చదు. నా పాఠకురాలి పేరు పెట్టుకుని ఒకడు ఇంకొకరిని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆవిడకి, నాకు నెలల తరబడి మాటల్లేవు.

కిటికీ: మీ దగ్గర అన్నీ మీరు చూశాకే కదా వచ్చేది? మరి అదెలా దాటింది?

నల్లసిరా: పేరు చూసి ఒప్పుకున్నాను. మెయిలు చూడలేదు.

కిటికీ: అంటే మీ కాపలా కూడా పేరునే చూస్తుంది, మాటని కాదు. నాకు ముందే తెలుసు లెండి. మీ టపాలో ఛందస్సు తప్పు ఉందని మర్యాదగా రాశాను. ఒక్క తిట్టు లేదు. అది ఈరోజుకీ రాలేదు. కింద మాత్రం పదిహేను "అద్భుతం"లు ఉన్నాయి.

నల్లసిరా: ఓహో, ఆ వ్యాఖ్య మీదా? మర్యాదగానా? "కనీసం లెక్క కట్టుకుని రాయాల్సింది" అన్నారు. అది ఎత్తిపొడుపు కాదా?

కిటికీ: ఎత్తిపొడుపే. బూతు కాదు. తప్పు దిద్దారా లేదా?

నల్లసిరా: దిద్దాను.

కిటికీ: వ్యాఖ్య మాత్రం వేయలేదు! మూడు రోజుల ఆలస్యం గురించి కాదండీ నా బాధ, అది ఇంకో బ్లాగు. స్పామ్ పేరు చెప్పి పెట్టిన వరుసలో నచ్చని మాట కూడా ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు.

నల్లసిరా: నా పేరుతో నేను రాసుకునే చోట నన్ను ఎత్తిపొడిచేవాళ్లకి చోటివ్వాలని ఎక్కడుంది?

మరమేకు: ఇవ్వకపోవడం మీ ఇష్టం. ఏది వేయరో వ్యాఖ్యల పెట్టె పైన రెండు వాక్యాలు రాసిపెట్టండి, అంతే. నేనైతే తిట్టు ఉన్న వాక్యం తీసేసి, అక్కడ "ఒక వాక్యం తొలగించాను" అని రాసి మిగతాది ఉంచుతాను. వాదన ఉంటుంది, తిట్టు ఉండదు.

కిటికీ: ఇంకొకరి మాటల్ని కత్తిరించడం నాకు అంతకన్నా నచ్చదు. మొత్తం తీసేయండి, లేదా మొత్తం ఉంచండి.

నల్లసిరా: దీంట్లో మాత్రం నేనూ కిటికీ గారి వైపే.

చిగురాకు: మాటల్ని మార్చి పెట్టాను, "పంది" తీసేశాను, లంకె అంకె 1 చేశాను. కొత్తవాళ్లు మొదటిసారి ఆగుతారు. పెట్టె పైన "కొత్తవారి వ్యాఖ్య ఒక రోజులోపు చూస్తాను" అని రాశాను, మరి మాట నిలబెట్టుకోవాలి. ఆ నాలుగూ Trash లోంచి పైకి తెచ్చాను. కొన తుంచమని ఆవిడకి మెయిలు కూడా పెట్టాను, అప్పటికే తీగ పందిరి దాటి పోయిందట.