ఏజెంటు ఒప్పందంలో "కాపీరైటు ఉన్నంతకాలం" కమిషన్ అని ఉంది, సంతకం పెట్టొచ్చా?

పాలేరుగట్టు
నా తెలుగు నవలకి ఇంగ్లీషు అనువాదం పూర్తయింది. ఢిల్లీలో ఒక ఏజెంటు చదివి, తీసుకుంటామని నాలుగు పేజీల ఒప్పందం పంపారు. అసలు విషయాలు నా మాటల్లో రాస్తున్నాను.

నా "ప్రస్తుత, భవిష్యత్ రచనలన్నిటికీ, అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో" ఆయనే ఏకైక ఏజెంటు. ఇండియాలో అమ్మితే 15 శాతం, విదేశాల్లో 20, సినిమాకీ వెబ్ సిరీస్‌కీ 20. గడువు 2 ఏళ్లు. ముగియడానికి 90 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దనకపోతే దానంతటదే మరో 2 ఏళ్లు. కమిషన్ హక్కు మాత్రం "రచన కాపీరైటు ఉన్నంతకాలం". చివర్లో ఇది "ఏజెన్సీ కపుల్డ్ విత్ యాన్ ఇంటరెస్ట్" అని ఒక వాక్యం ఉంది, అదేంటో అర్థం కాలేదు. వీటిలో ఏవి మామూలు, ఏవి మార్పించాలి?

దూరవాణి78
15 శాతం అంతటా ఉన్నదే. 20 మాత్రం ఒప్పుకోకండి. పుస్తకం ఢిల్లీలో అమ్మినా లండన్‌లో అమ్మినా ఆయన పని ఒకటే కదా. చదివినందుకు ఫీజేమైనా అడిగారా? అడిగితే అక్కడితో దండం పెట్టేయండి.

సుజాత_అనువాదాలు
ఫీజు మాట నిజం. అమెరికా ఏజెంట్ల సంఘం తన సభ్యులు చదివినందుకు డబ్బు తీసుకోకూడదని నియమమే పెట్టుకుంది. 20 గురించి మాత్రం కాదండీ. విదేశీ, అనువాద హక్కులకి 20 తీసుకోవడం మామూలే, ఎందుకంటే ఆ దేశంలో ఇంకో సబ్-ఏజెంటు ఉంటాడు, ఇద్దరూ తలా 10 పంచుకుంటారు. మీరు చూడాల్సింది ఆ 20లో సబ్-ఏజెంటు వాటా కలిసి ఉందా, విడిగానా అని. "సబ్-ఏజెంటు కమిషన్ అదనం" అని ఎక్కడైనా ఉంటే మీ జేబులోంచి 30 దాకా పోతుంది. "సబ్-ఏజెంటు వాటాతో కలిపి మొత్తం 20కి మించదు, సబ్-ఏజెంటు లేకుండా నేరుగా అమ్మితే 15" అని రాయించండి. సినిమా హక్కులకీ ఇదే మాట.

ఖర్చుల షరతు ఏమైనా ఉందా? కొరియర్, ప్రింట్లు అంటూ పై ఖర్చులు కోసుకుంటారు. మీ ఈమెయిల్ అనుమతి లేకుండా ఇంత దాటకూడదని ఒక అంకె పెట్టించండి.

రాజు_నంద్యాల
అన్నా, కాపీరైటు వాళ్లకి రాసిచ్చేస్తున్నావా? కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే 5 ఏళ్లే చెల్లుతుంది. కాబట్టి "కాపీరైటు ఉన్నంతకాలం" అని వాళ్లేం రాసుకున్నా భయం లేదు.

కాకినాడ_వకీలు
రాజు గారూ, రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఆ 5 ఏళ్ల మాట కాపీరైటు బదిలీ చేసినప్పుడు, అదీ పత్రంలో కాలం చెప్పనప్పుడు. ఇక్కడ బదిలీ లేదు. ఏజెంటు మీ తరఫున బేరం ఆడే మనిషి, అంతే. దీనికి వర్తించేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. అయినా ఒకసారి ఒప్పందమంతా వెతికి "అసైన్" అనే మాట ఎక్కడా లేదని ఖాయం చేసుకోండి. ఏజెంటు ఒప్పందంలో దానికి పనే లేదు.

అసలు ప్రమాదం ఆ కమిషన్ కాలంలోనే ఉంది. ఒక లెక్క చూడండి. ఏజెంటు మీ పుస్తకాన్ని 7 ఏళ్ల లైసెన్సు మీద ఒక ప్రచురణకర్తకి ఇప్పించాడనుకుందాం. ఆ 7 ఏళ్లూ వచ్చే ప్రతి రాయల్టీలో ఆయనకి 15 శాతం వెళ్లాలి, మధ్యలో మీరు ఆయన్ని వదిలేసినా సరే. అది న్యాయమే, ఆ బేరం ఆయన తెచ్చిందే. తర్వాత లైసెన్సు ముగిసింది, హక్కులు మీకు తిరిగొచ్చాయి. మీరే ఇంకో ప్రచురణకర్తని వెతుక్కుని కొత్త ఒప్పందం చేసుకున్నారు. మీ పత్రంలో ఉన్న మాట ప్రకారం, ఈ కొత్త బేరంలో వేలు పెట్టని పాత ఏజెంటుకి అందులోనూ 15 శాతం. కొత్త ఏజెంటు ద్వారా అమ్మితే ఇద్దరికీ కట్టాలి. మన దేశంలో కాపీరైటు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. అంటే మీ మనవలు కూడా కడుతూనే ఉంటారు.

ఆ వాక్యం తీసేసి, "ఏజెంటు కుదిర్చిన ప్రతి ఒప్పందమూ అమల్లో ఉన్నంతకాలం" అని పెట్టించండి. అదే ప్రచురణకర్తతో అదే ఒప్పందాన్ని పొడిగిస్తే కమిషన్ ఉంటుందా అనేది బేరమాడుకోవచ్చు. చాలామంది ఏజెంట్లు దాన్ని వదులుకోరు.

పాలేరుగట్టు
అర్థమైంది. గడువు సంగతి? రెండేళ్లేగా, పరవాలేదనిపించింది.

కాకినాడ_వకీలు
రెండేళ్లు కాదు, మర్చిపోతే నాలుగేళ్లు. ఉదాహరణకి ఒప్పందం 2025 ఏప్రిల్ 1న మొదలైతే 2027 మార్చి 31తో ముగుస్తుంది. 90 రోజుల ముందంటే మీ ఉత్తరం 2026 డిసెంబరు 31 లోపు వారికి అందాలి. పంపడం కాదు, అందాలి. జనవరి 2న గుర్తొస్తే 2029 మార్చి దాకా ఇరుక్కున్నట్టే. పైగా గడువున్న ఏజెన్సీని తగిన కారణం లేకుండా మధ్యలో తెంచితే కాంట్రాక్టు చట్టం 205వ సెక్షన్ కింద పరిహారం అడిగే వీలుంది. కాబట్టి ఆటోమేటిక్ పొడిగింపు తీసేసి, "ఎవరైనా ఎప్పుడైనా 30 రోజుల రాతపూర్వక నోటీసుతో ముగించవచ్చు, ఈమెయిల్ చెల్లుతుంది" అని రాయించండి. వాళ్లు 60 రోజులంటే ఒప్పుకోవచ్చు.

సుజాత_అనువాదాలు
దానికి ఒక తోక ఉంటుంది, అది కూడా రాయించాలి. ఏజెంటు మీ పుస్తకాన్ని పదిమంది సంపాదకులకి పంపాడు, మీరు నోటీసు ఇచ్చారు, నెల తర్వాత వాళ్లలో ఒకరు సరేనన్నారు. ఆ కమిషన్ ఆయనదే, ఉండాలి కూడా. కానీ ఎంతకాలం? 90 రోజులు రచయితకి మంచిది, 6 నెలలు వినేదే, ఏడాది ఎక్కువ. అంతకంటే ముఖ్యం, ఎవరెవరికి పంపారో తెలియాలి. ముగింపు నోటీసు అందిన 15 రోజుల్లో సంపాదకుల పేర్లు, పంపిన తేదీలు, వచ్చిన జవాబులతో జాబితా ఇవ్వాలనీ, జాబితాలో లేని వారికి తోక వర్తించదనీ రాయించండి. ఆ జాబితా లేకపోతే కొత్త ఏజెంటు మీ పుస్తకం ముట్టుకోవడానికి వెనకాడతారు, ఇప్పటికే తిరస్కరించినవాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లాల్సొస్తుందని.

న్యూజెర్సీ_భాస్కర్
నాది న్యూయార్క్ ఏజెంటు. ఒక్క పుస్తకానికే ఒప్పందం, 15/20, 30 రోజుల నోటీసు. నాకు పన్ను ఏమీ పట్టుకోలేదు. అక్కడా అంతేనా?

సుజాత_అనువాదాలు
మీరు అక్కడే పన్ను కట్టే మనిషి కాబట్టి పట్టలేదండీ. ఇక్కడివాళ్లకి అమెరికా నుంచి రాయల్టీ వస్తే తాము అమెరికావాళ్లం కాదని చెప్పే W-8BEN పత్రం ఇవ్వకపోతే 30 శాతం, ఇస్తే రెండు దేశాల ఒడంబడిక ప్రకారం 15 శాతం అక్కడే ఆపుతారు. ఆ పత్రం ఏజెంటు పేరు మీద కాదు, రచయిత పేరు మీద వెళ్లాలి. కమిషన్ పన్ను పట్టకముందు మొత్తం మీద లెక్కేస్తారు.

లెక్కల_పంతులు
ఇండియాలోనూ అదే తంటా. లక్షన్నర అడ్వాన్సు అనుకోండి. ప్రచురణకర్త 10 శాతం టీడీఎస్ 15,000 పట్టుకుంటారు. ఏజెంటు కమిషన్ 22,500. ఆయనకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ కమిషన్ మీద 18 శాతం, 4,050. మీ చేతికి 1,08,450. "15 శాతం" అంటే జీఎస్టీతో కలిపా, అదనమా అని ముందే అడగండి. ఇంకోటి, డబ్బు ఏజెంటు ఖాతాలో పడుతుంది కాబట్టి కొన్నిసార్లు ఆ 15,000 కూడా ఏజెంటు పాన్ మీద జమవుతుంది. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద కనిపించకపోతే మీరు దాన్ని క్లెయిమ్ చేసుకోలేరు. ప్రచురణకర్తకి మీ పాన్ మొదటే ఇచ్చేయండి.

కాకినాడ_వకీలు
డబ్బు అందిన 15 రోజుల్లో, ప్రచురణకర్త స్టేట్‌మెంట్ నకలుతో సహా చెల్లించాలని రాయించండి. అడిగినప్పుడు లెక్కలు చూపడం చట్టప్రకారం ఏజెంటు బాధ్యతే, కానీ తేదీ రాసి ఉంటే గొడవ తగ్గుతుంది. ఏజెన్సీ ముగిశాక మీ 85 మీకు, ఆయన 15 ఆయనకి ప్రచురణకర్తే నేరుగా పంపాలన్న వాక్యం కూడా అడగండి. అది ప్రచురణ ఒప్పందంలో కూడా ఉండాలి, లేకపోతే ప్రచురణకర్త పట్టించుకోడు.

పాలేరుగట్టు
"ఇంటరెస్ట్" వాక్యం గురించి ఎవరూ చెప్పలేదు.

కాకినాడ_వకీలు
కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్. ఏజెన్సీ వస్తువులో ఏజెంటుకే సొంత ఆసక్తి ఉంటే, దానికి నష్టం కలిగేలా మీరు ఏజెన్సీని రద్దు చేయలేరు. చట్టంలోని ఉదాహరణ, అప్పుపడ్డవాడు తన భూమి అమ్మే అధికారం అప్పిచ్చినవాడికే ఇవ్వడం. అయితే కమిషన్ వస్తుందన్న ఆశ మాత్రమే అలాంటి ఆసక్తి కాదన్నది స్థిరపడిన సూత్రం. ఇండియా చట్టం వర్తించేట్టయితే ఆ వాక్యానికి పెద్ద బలం లేదని నా అభిప్రాయం.

సుజాత_అనువాదాలు
బలం లేకపోతే ఎందుకు రాశారండీ? రేపు మీరు నోటీసిస్తే "ఇది రద్దయ్యేది కాదు" అని ఉత్తరం రాస్తే, కొత్త ప్రచురణకర్త భయపడి తప్పుకుంటాడు. కోర్టు దాకా వెళ్లి గెలిచేలోపు పుస్తకం చల్లారిపోతుంది. కొట్టేయించాల్సిందే.

కాకినాడ_వకీలు
కొట్టేయిస్తే మంచిదే. నేనైతే దాని కోసం బేరం చెడగొట్టుకోను, నోటీసు నిబంధన గట్టిగా ఉంటే చాలు.

సుజాత_అనువాదాలు
ఇక హక్కుల సంగతి. మీరు మొదట తగ్గించాల్సింది ఇదే. "భవిష్యత్ రచనలన్నీ" తీసేసి, ఈ నవల పేరు రాసి, దాని ఇంగ్లీషు అనువాదమే అనండి. తెలుగు మూలం, మళ్లీ అచ్చువేయడం, తెలుగు ఆడియో మీ దగ్గరే ఉంచుకోండి. తెలుగు ప్రచురణలో ఏజెంట్ల పద్ధతి పెద్దగా లేదు, ఢిల్లీ ఏజెంటు అక్కడ చేయగలిగిందీ తక్కువే. తమిళం, కన్నడం, హిందీ అనువాదాలు మీ పరిచయాలతోనే వచ్చేట్టయితే అవీ మినహాయించండి. తెలుగు సినిమా అయితే మరీ. ఎవరో దర్శకుడు మీకే ఫోన్ చేస్తాడు, ఏకైక ఏజెంటు అని ఉంటే మీరు తెచ్చుకున్న దాంట్లోనూ 20 శాతం పోతుంది.

ఇంకో ప్రశ్న. అనువాదకులతో మీకు రాతపూర్వక ఒప్పందం ఉందా? అనువాదం మీద కాపీరైటు వాళ్లది, మూలం మీద మీది. ఏజెంటు మీతో మాత్రమే సంతకం చేయించుకుంటే అమ్మేది సగం సరుకు.

పాలేరుగట్టు
స్నేహితుడేనండీ, చెరి సగం అని నోటిమాట. ఈ వారం కాగితం రాసుకుంటాం. ఏజెంటుతో మాట్లాడాను. ఒక్క పుస్తకానికి సరే, 60 రోజుల నోటీసుకి సరే, పంపిన జాబితా ఇస్తానన్నారు. కమిషన్ కాలం మార్చారు గానీ పొడిగింపులకీ కావాలంటున్నారు. ఇంటరెస్ట్ వాక్యం లాయర్ని అడుగుతానన్నారు. సినిమా హక్కులు మాత్రం వదలనంటున్నారు.

సుజాత_అనువాదాలు
సినిమాకి మధ్యేమార్గం ఉంది. తెలుగు సినిమా, సిరీస్ హక్కులు మీవి, హిందీ, ఇంగ్లీషు, విదేశీ ఆయనవి. లేదా 12 నెలల్లో ఆయన ఏ నిర్మాత నుంచీ రాతపూర్వక ఆఫర్ తేకపోతే సినిమా హక్కులు మీకు వెనక్కి రావాలి. నిర్మాతలు సాధారణంగా అన్ని భాషలకీ కలిపే అడుగుతారు, కాబట్టి మొదటిది కాగితం మీద బాగున్నా ఆచరణలో చిక్కే. నేనైతే రెండోది అడుగుతాను.

దూరవాణి78
అన్ని భాషలకీ కలిపి ఎవరైనా అడిగితే, తెలుగు మీది, హిందీ ఆయనది అయినప్పుడు కమిషన్ ఎంత మీద లెక్కేస్తారు?

కాకినాడ_వకీలు
అదే చెప్పలేకపోతున్నాను. ధరని భాషలవారీగా విడగొట్టి రాస్తే తప్ప తేలదు, నిర్మాతలు అలా రాయరు.