మేనేజర్ పంపిన నెల రిపోర్ట్‌కీ, అకౌంట్‌లో పడిన డబ్బుకీ పొంతన లేదు

దూరపు ఓనర్: మాది ఆరు పోర్షన్ల ఇల్లు. ఒక్కో పోర్షన్ అద్దె 10 వేలు. నేను అక్కడ ఉండను, మేనేజర్ చూసుకుంటారు. ఈ నెల రిపోర్ట్‌లో "వసూలు 81 వేలు, రిపేర్లు 7 వేలు, మా ఫీజు 4 వేలు, ఖాళీ 1" అని ఉంది. నా అకౌంట్‌లో పడింది 50 వేలే. అసలు ఆరు పోర్షన్లు నిండినా 60 వేలు దాటదు కదా, 81 ఎలా వచ్చింది?

వేణు: ఇంకా అర్థం కాలేదా అండీ, మధ్యలో 20 వేలు నొక్కేశాడు. మనిషిని మార్చేయండి.

పద్దులు: తొందరపడకండి. ఆ ఖాళీ పోర్షన్‌లోకి కొత్తవాళ్ళు ఎవరైనా కుదిరారా?

దూరపు ఓనర్: అవునండీ. పాతవాళ్ళు 15న సగం నెల అద్దె కట్టి వెళ్ళారు. కొత్తవాళ్ళు 1న దిగుతారట. డిపాజిట్ 20 వేలు, మొదటి నెల అద్దె ముందే ఇచ్చారట. ఇంకొకరు 6 వేలే కట్టారు.

పద్దులు: అయితే లెక్క సరిపోయింది. పూర్తిగా కట్టిన నలుగురివి 40, సగం నెలవి 5, తక్కువ కట్టినవారివి 6. ఈ నెల అద్దెగా నిజంగా వచ్చింది 51 వేలు. మిగతా 30లో 10 వచ్చే నెల అద్దె, 20 డిపాజిట్. డిపాజిట్ ఎప్పటికైనా తిరిగి ఇవ్వాల్సిన డబ్బు కాబట్టి పక్కన పెట్టి, మిగిలిన 61లో ఖర్చులు 11 తీసేసి 50 పంపారు. తప్పల్లా అన్నిటినీ కలిపి "వసూలు" అనడమే. పోర్షన్‌కో వరుస వేసి రావలసింది, వచ్చింది, బాకీ విడిగా రాయమనండి. డిపాజిట్‌కి వేరే పట్టిక ఉండాలి. ముందే వచ్చిన ఆ 10 కూడా విడిగా చూపించాలి, లేదంటే వచ్చే నెల ఒక అద్దె తగ్గినట్టు కనిపించి మళ్ళీ టెన్షన్ పడతారు.

శారద: మా రిపోర్ట్‌లో ప్రతి నెలా "ప్లంబింగ్" అని ఒకే మాట ఉండేది. బిల్లులూ ఫోటోలూ అడిగితే తెలిసింది, మూడుసార్లూ అదే బాత్‌రూమ్, అదే లీకేజీ. పైపైన సిమెంట్ పూస్తున్నారు. ఆ 7 వేలు ఏ పోర్షన్‌లో దేనికి పెట్టారో కనుక్కోండి.

దూరపు ఓనర్: అడిగాను. ఖాళీ అయిన పోర్షన్‌కి రంగులట.

వేణు: అది పాతవాళ్ళ డిపాజిట్‌లో కోయాలి కదా! మీకెందుకు వేశారు?

పద్దులు: మామూలుగా వాడితే వెలిసిన రంగుకి సాధారణంగా ఓనరే పెట్టుకుంటారు. గోడలు పాడుచేసి ఉంటే వేరే సంగతి. మీ అగ్రిమెంట్‌లో ఏముందో, ఖాళీ చేసినప్పటి ఫోటోలు ఉన్నాయో లేదో చూడాలి. దానికన్నా ముందు ఒకటి చెప్పండి, వెళ్ళినవాళ్ళ డిపాజిట్ తిరిగి ఇచ్చేశారా? ఇస్తే ఎక్కడి నుంచి ఇచ్చారు?

దూరపు ఓనర్: రిపోర్ట్‌లో ఆ ఊసే లేదండీ. వాళ్ళు దిగినప్పుడు డిపాజిట్ నాకు పంపారా, మేనేజర్ దగ్గరే ఉందా అన్నది పాత స్టేట్‌మెంట్లు తీసి చూడాలి.